అతిథి పరిచయం: వేదిక మీద చదివే ఆ ఒక్క నిమిషం గురించి అపోహలు - వాస్తవాలు

సభల్లో వ్యాఖ్యానం మొదలుపెట్టిన కొత్తలో అతిథి పరిచయాన్ని నేనూ తేలిగ్గానే తీసుకున్నాను. వాళ్లు పంపిన కాగితం చేతిలో ఉంటుంది, చదివేస్తే అయిపోతుంది అనుకునేదాన్ని. ఇప్పుడు కొత్త వ్యాఖ్యాతలకు నేర్పేటప్పుడు ఎక్కువ సమయం పట్టేది ఈ ఒక్క నిమిషానికే. వాళ్లు పదే పదే చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి గురించే ఇది.

అపోహ: అతిథి పంపిన బయోడేటాను ఉన్నదున్నట్టు చదవడమే గౌరవం.

వాస్తవం: ఆ బయోడేటా కంటి కోసం రాసింది. చదివేవాళ్లకు పైన పేరు, పక్కన ఫొటో కనిపిస్తాయి. అర్థం కాకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటారు. హాల్లో కూర్చున్నవాళ్లకు ఆ వీలు లేదు.

తెలుగులో దీనికి ఇంకో చిక్కు కూడా ఉంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. విశేషణాలన్నీ పేరుకు ముందే వస్తాయి. శిక్షణలో నేనిచ్చే అభ్యాసం చూడండి. భీమవరంలో ఆశా కార్యకర్తల సభ జరుగుతోంది, దానికి యల్లాప్రగడ సుబ్బారావు గారు అతిథిగా వస్తున్నారు అనుకోమంటాను. ఆయన 1948లోనే కన్నుమూశారు, ఇది ఊహ మాత్రమే. చాలామంది మొదటిసారి ఇలా రాస్తారు:

"1895లో భీమవరంలో జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధనలు చేసి, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించి, 1940లో లెడర్లీ ప్రయోగశాలల్లో చేరి, ఫోలిక్ యాసిడ్, హెట్రజాన్, ఆరియోమైసిన్ వంటి మందుల పరిశోధనలకు నాయకత్వం వహించిన ప్రముఖ శాస్త్రవేత్త డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు..."

తప్పేమీ లేదు. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ పైకి చదివి చూడండి. జన్మించి, చదివి, చేసి, ప్రకటించి, చేరి... ఎవరు చేశారో తెలియకుండానే ఐదు పనులు వినాలి. పేరు వచ్చేసరికి మొదట విన్నవి మనసులోంచి జారిపోతాయి. పైగా 1895 అని రాయడానికి నాలుగు అంకెలే. పలకాలంటే "పద్దెనిమిది వందల తొంభై ఐదు". ఇలాంటి సంవత్సరాల అంకెలు మూడు పైకి చదివితే వినేవాళ్లకు మిగిలేది అంకెల చప్పుడే.

అదే సమాచారాన్ని అదే సభ కోసం, చెవికి ఎక్కేలా ఇలా మారుస్తాం. హెట్రజాన్ అంటే ఆశా కార్యకర్తలకు తెలిసిన డీఈసీ మాత్రే, అక్కడి నుంచే మొదలుపెడతాం:

"బోదకాలు రాకుండా మీరు ఇంటింటికీ వెళ్లి మింగించే డీఈసీ మాత్ర మీ అందరికీ తెలుసు. ఆ మందు అమెరికాలోని ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో పుట్టింది. అక్కడ పరిశోధనను నడిపించిన మనిషి మాత్రం మన భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివారు. అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చాలా ఏళ్లు పరిశోధన చేశారు. గర్భిణులకు మీరిచ్చే ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిందీ ఆయన బృందమే. ఒక మందు ఎలా పుడుతుందో ఈరోజు ఆయన మనకు చెబుతారు. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు."

ఒక్కో పనికి ఒక్కో వాక్యం. ప్రతి వాక్యం క్రియతో పూర్తవుతుంది కాబట్టి వినేవాళ్లు ఆ విషయాన్ని అక్కడ దించుకుని తర్వాతిది అందుకుంటారు. వేదిక మీద నేను నిమిషానికి ఎనభై తొంభై మాటలు చదువుతాను. ఆ లెక్కన విరామాలతో కలిపి ఇది నిమిషం లోపే అయిపోతుంది. అంతకు మించి నేను రాయను.

అపోహ: డిగ్రీలు, అవార్డులు ఎన్ని చెబితే అంత మర్యాద.

వాస్తవం: పరిచయం వినేవాళ్ల మనసులో ఉండే ప్రశ్న ఒక్కటే: ఈ విషయం మీద ఈయన మాటే ఎందుకు వినాలి? దానికి జవాబిచ్చే రెండు మూడు సంగతులు చాలు. ఆ సంగతులు సభను బట్టి మారిపోతాయి. పై పరిచయంలో భాస్వరం పద్ధతిని వదిలేశాను. ఆశా కార్యకర్తలకు దానితో పని లేదు. అదే బయోకెమిస్ట్రీ విద్యార్థుల సభ అయితే అక్కడి నుంచే మొదలుపెడతాను: "మీరు ల్యాబ్‌లో భాస్వరాన్ని కొలవడానికి నేర్చుకునే పద్ధతిని ప్రకటించిన ఇద్దరిలో ఒకరు ఈరోజు మన ముందున్నారు." అక్కడ డీఈసీ మాత్ర ఊసే రాకపోవచ్చు. ఒకే మనిషికి రెండు సభల్లో రెండు పరిచయాలు రాయాల్సిందే.

అవార్డులను పూర్తిగా వదిలేస్తే అతిథి నొచ్చుకుంటారేమో అని నిర్వాహకులు టెన్షన్ పడతారు. ఆ జాబితాను ఆహ్వాన పత్రికలో వేయమని చెబుతాను. దాని చోటు అది.

అపోహ: పేరు అందరికీ తెలిసిందే, పలకడానికి ఏముంది?

వాస్తవం: ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ఒకసారి ఒక కళాశాల సభలో, ఇంటర్నెట్‌లో దొరికిన పాత వివరాలు చూసి ఒక ప్రొఫెసర్ గారిని పరిచయం చేశాను. ఆమె ఆ ఉద్యోగం మానేసి అప్పటికి చాలా కాలమైంది. దానికి తోడు, ఆమె వాడని అత్తింటి పేరుతో పిలిచాను. ఆమె నవ్వుతూనే మైకు అందుకున్నారు. కానీ ప్రసంగంలో మొదటి మాటలన్నీ నా తప్పులు సరిదిద్దడానికే సరిపోయాయి. ఆవిడ సమయాన్ని నేను తినేశాననే బాధ ఇప్పటికీ పోలేదు.

అప్పటినుంచి ముందురోజు తప్పకుండా ఫోన్ చేస్తాను. "మీ పేరు వేదిక మీద ఎలా చెప్పమంటారు? ఒకసారి మీరే పలకండి" అని అడుగుతాను. ఇంటిపేరు పూర్తిగా చెప్పాలా, పొడి అక్షరాలు సరిపోతాయా, డాక్టర్ అనాలా, ప్రొఫెసర్ అనాలా, ఇప్పటి హోదా ఏమిటి అని కనుక్కుంటాను. ఆంగ్ల అక్షరాల్లో వచ్చిన పేరైతే ఇది మరీ అవసరం. అందులో దీర్ఘం ఎక్కడుందో, "ద"నో "డ"నో తెలియదు. విన్నది విన్నట్టు తెలుగులో రాసుకుంటాను.

ఇక పేరు ఎక్కడ చెప్పాలనే సంగతి. నేను చివరనే చెబుతాను. పేరు వినగానే జనం చప్పట్లు కొడతారు. మధ్యలో చెబితే ఆ చప్పట్లలో తర్వాతి వాక్యం పోతుంది. అందుకే పై పరిచయంలో పేరు తర్వాత ఒక్క మాట కూడా లేదు.

అపోహ: "పరిచయం అక్కర్లేని వ్యక్తి" అంటే అతిథికి గొప్ప.

వాస్తవం: ఆయనెవరో తెలియనివాళ్లు హాల్లో కొందరైనా ఉంటారు. తమకొక్కరికే తెలియదేమో అని వాళ్లు ముడుచుకుపోతారు. ఆ మాట నేను మానేశాను.

అపోహ: వేదిక ఎక్కేముందు కళ్లతో ఒకసారి చూసుకుంటే చాలు.

వాస్తవం: కళ్లకు తడబాటు ఉండదు, తడబడేది నాలుక. గొంతెత్తి మూడుసార్లు చదవండి. రెండుసార్లు ఒకేచోట ఆగిపోయారంటే లోపం ఆ వాక్యంలో ఉంది. అక్కడ ఒత్తులు ఎక్కువున్న సమాసం ఉండొచ్చు, లేదా ఊపిరి చాలని పొడవు ఉండొచ్చు. సాధన చేయడం కన్నా ఆ వాక్యాన్ని మార్చుకోవడం మేలు.

కాగితం మీద అక్షరాలు పెద్దవిగా ఉండాలి. వాక్యానికో వరుస చొప్పున రాసుకుంటే తలెత్తి జనాన్ని చూసి, మళ్లీ కిందికి చూసినప్పుడు చోటు తప్పదు. చివరి వాక్యాన్ని, పేరును మాత్రం నేను కంఠతా పట్టేస్తాను. అప్పుడు కాగితం దించేసి, అతిథి వైపు చూస్తూ పేరు చెప్పి, ఆయన వచ్చేదాకా మైకు దగ్గరే నిలబడి, ఆ తర్వాత పక్కకు తప్పుకుంటాను.