టెన్షన్‌గా వచ్చినవారికి ఏ నవల ఇవ్వాలి? అపోహలు – వాస్తవాలు

విజయవాడలో పాత పుస్తకాల షాపు పెట్టి నలభై ఏళ్లు దాటింది. పేరు చెప్పి అడిగేవాళ్లకు పుస్తకం తీసి ఇస్తే చాలు. ఏం కావాలో తెలియక, అడగడానికి బెరుకుగా నిలబడిపోయేవాళ్లతోనే మాకు అసలు పని. ఆ పని గురించి కొన్ని తప్పు అభిప్రాయాలు ఉన్నాయి. నాకూ ఒకప్పుడు ఉండేవి. రెండేళ్ల కిందట మా షాపుకొచ్చిన ఒకావిడ సంగతి చెబుతూ వాటి గురించి రాస్తాను.

అపోహ: "మీకు ఏ రచయిత ఇష్టం?" అని అడిగితే సగం పని అయిపోతుంది.

వాస్తవం: రోజూ చదివేవాళ్లకు అది మామూలు ప్రశ్న. చదవడం మానేసి ఇరవై ఏళ్లయినవాళ్లకు పరీక్షలో ప్రశ్న. తెలియదని చెప్పడానికి సిగ్గుపడి, "మళ్లీ వస్తానండి" అని వెళ్లిపోతారు.

ఆవిడకు యాభై అయిదేళ్లు ఉంటాయి. హ్యాండ్‌బ్యాగు పట్టీని చేతికి రెండు చుట్లు చుట్టుకుని, పావుగంట సేపు స్కూలు గైడ్ల దగ్గరే నిలబడ్డారు. మా కుర్రాడు వెళ్లి అడిగితే ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పే పుస్తకం కావాలన్నారు. వాడు తీసిచ్చాడు. ఆవిడ వెనక అట్ట చూసి, పుస్తకాన్ని తీసిన సందులోనే జాగ్రత్తగా పెట్టేశారు.

నేను రచయితల పేర్లు ఎత్తలేదు. "ప్రయాణమా అమ్మా?" అని మాత్రం అడిగాను. అప్పుడు చెప్పారు. "మా అమ్మాయికి డెలివరీ అండి. వచ్చే శుక్రవారం అమెరికా వెళ్లాలి. ఒక్కదాన్నే." బ్యాగులోంచి మడత పెట్టిన కాగితం తీశారు. ఎయిర్‌పోర్టులో అడిగితే చెప్పాల్సిన ఇంగ్లిష్ మాటలు అల్లుడు తెలుగు అక్షరాల్లో రాసిచ్చాడట. "టు సీ మై డాటర్" అన్న లైను దగ్గర మడత నలిగి, అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి.

ఇలాంటప్పుడు నేను అడిగేవి మూడే ప్రశ్నలు. చివరిసారి పూర్తిగా చదివిన పుస్తకం ఏది, ఇప్పుడు ఎక్కడ కూర్చుని చదువుతారు, మధ్యలో ఎన్నిసార్లు లేవాల్సి వస్తుంది. చదివింది పెళ్లికి ముందు, వారపత్రికల్లో సీరియల్స్. చదవబోయేది విమానంలో. దోహాలో మారాలి, అక్కడి నుంచి డల్లాస్‌కు దాదాపు 16 గంటలు. నిద్ర పట్టదని ఆవిడకు ముందే తెలుసు. ఇంగ్లిష్ పుస్తకం ఆవిడకు కావాల్సింది కాదని అప్పుడు తేలింది. ఆ కాగితంలోని నాలుగు మాటలు ఆవిడకు వచ్చేశాయి. ఆ గంటలన్నీ మనసును ఎక్కడ పెట్టుకోవాలన్నదే ఆవిడ కంగారు.

అపోహ: ఎవరి బాధ ఏదో, ఆ బాధే ఉన్న నవల ఇవ్వాలి.

వాస్తవం: ఇది నన్ను బాగా దెబ్బతీసిన అపోహ. షాపు పెట్టిన కొత్తల్లో ఒక కుర్రవాడు వచ్చేవాడు. ఇంటర్వ్యూకి వెళ్లాలంటే చేతులు వణుకుతాయని చెప్పాడు. నేను గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' ఇచ్చాను. మనిషి మనసు లోపలి గందరగోళాన్ని అంత దగ్గరగా చూపిన నవలలు తెలుగులో తక్కువ. నా ఆలోచన అంతవరకే వెళ్లింది. అందులో సీతారామారావు తనను తాను తవ్వుకుంటూ తవ్వుకుంటూ నాశనం దగ్గరికే చేరతాడు. రెండు రోజులకు కుర్రవాడు పుస్తకం కౌంటరు మీద పెట్టి, "నన్ను చూసుకున్నట్టే ఉందండీ" అన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. డబ్బు వెనక్కి తీసుకోలేదు, మళ్లీ షాపుకు రాలేదు. గొప్ప నవలే, అతనికి ఆ వారంలో ఇవ్వాల్సింది కాదు.

అప్పటి నుంచి నవల దేని గురించి అన్నది తర్వాత చూస్తాను. ముందు చూసేవి రెండు: చివరి పేజీ దగ్గర చదివినవారిని ఏ స్థితిలో వదిలిపెడుతుంది, కథ ఎవరు చెబుతున్నారు.

ఆవిడ ముందు మూడు నవలలు పెట్టాను. మూడు మించితే కంగారు పెరుగుతుంది. మొదటిది యద్దనపూడి 'సెక్రటరీ'. "ఇది చదివేశానండి" అన్నారు, ఆ మాట అంటున్నప్పుడే గొంతు కాస్త కుదుటపడింది. దాన్ని పెట్టింది అమ్మడానికి కాదు, తనకు తెలిసినది ఒకటి కనపడాలని. రెండోది పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు'. నాకు ప్రాణం ఆ నవల. కానీ ఇందిరనీ కల్యాణినీ ప్రకాశాన్నీ అందరినీ మనసులో పట్టుకుని చదవాలి. అరగంటకోసారి భోజనం ట్రాలీ, అనౌన్స్‌మెంటు వచ్చే చోట ఆ దారం తెగిపోతుంది.

మూడోది మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం', 1924లో వచ్చిన మొదటి భాగం. మొగల్తూరు కుర్రవాడు బారిస్టరు చదువుకని ఇంగ్లండుకు బయలుదేరతాడు. రైలు నుంచి ఓడ దాకా అతనికి తెలిసింది ఏదీ లేదు. ఆవిడ కష్టమే అది. అయితే అదే బాధ ఉన్న పుస్తకం ఇవ్వకూడదని ఇప్పుడే కదా చెప్పాను? తేడా ఇక్కడ ఉంది. కథ పార్వతీశమే చెబుతాడు. తన తెలివితక్కువతనాన్ని తనే గుర్తు చేసుకుని చెబుతున్నాడంటే, ఇవన్నీ దాటి బాగానే ఉన్నాడని మొదటి పేజీల్లోనే తెలిసిపోతుంది. పైగా సంఘటన తర్వాత సంఘటనగా నడుస్తుంది, ఎక్కడ ఆపినా మళ్లీ అందుకోవచ్చు. ఆవిడ మాట తీరు విని "గోదావరి వైపా అమ్మా?" అంటే, పుట్టిల్లు పాలకొల్లు అన్నారు. మొగల్తూరు అక్కడికి ఎంతో దూరం కాదు.

అపోహ: నచ్చిందో లేదో పుస్తకం మొత్తం చదివితేగాని తెలియదు.

వాస్తవం: చాలావరకు షాపులోనే తెలుస్తుంది, వాళ్ల ముఖం కాకుండా చేతులు చూడాలి. మొహమాటంతో అందరూ నవ్వుతారు. స్టూలు వేసి మొదటి రెండు పేజీలు చదవమని, నేను పక్కకు వెళ్లి పుస్తకాలు సర్దుకున్నాను. ఎదురుగా నిలబడితే చదవలేరు. రెండో పేజీ తిప్పేటప్పుడు ఆవిడ చేతి చుట్టూ ఉన్న పట్టీ విప్పి బ్యాగు కౌంటరు మీద పెట్టేశారు. రెండు పేజీలే చదవమన్నాను, తలెత్తేసరికి ఏడో పేజీలో ఉన్నారు.

ఇంకొకటి కూడా చూడాలి. కళ్లజోడు పెట్టుకున్నా పుస్తకాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతుంటే అక్షరం చిన్నదని అర్థం. విమానంలోని చిన్న లైటు కింద అది చదవలేరు. అదే నవల పెద్ద అక్షరాల ప్రతి లోపలి అరలో ఉంటే తెచ్చి మార్చాను. బైండింగు కొంచెం వదులు, కానీ ఒళ్లో పెడితే దానంతటదే తెరుచుకుని ఉంటుంది.

అపోహ: సరైన నవల అయితే ఏకబిగిన చదివేస్తారు.

వాస్తవం: ఏడు నెలల తర్వాత ఆవిడ వచ్చారు. పుస్తకం బ్యాగులోనే ఉంది, మధ్యలో బోర్డింగ్ పాస్ ముక్క. "ఓడ ఎక్కిందాకా విమానంలోనే చదివానండి. దిగాక మనవడు పుట్టాడు, ఇంక తీరిక ఏది? మిగతాది వాణ్ని ఒళ్లో వేసుకుని రోజుకో రెండు పేజీలు" అన్నారు. ఇమిగ్రేషన్ క్యూలో కాగితం తీయాల్సిన అవసరం రాలేదని కూడా చెప్పారు.

రెండో భాగం కావాలన్నారు. ఆ రోజు నా దగ్గర పెద్ద అక్షరాల ప్రతి లేదు. చిన్నది ఇస్తానంటే వద్దన్నారు. పేరూ, ఫోన్ నంబరూ నోటుబుక్కులో రాసుకుని, ఆదివారం పాత పుస్తకాల మూట దిగినప్పుడు వెతికిపెడతానని చెప్పాను.