గుత్త పనికి కనీస వేతనం వర్తించదా? భవన నిర్మాణ కార్మికుల హక్కులపై అపోహలు - వాస్తవాలు

పంటలు ఇంటికి చేరాక పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి నగరాలకు వచ్చి, సెంట్రింగ్, ప్లాస్టరింగ్, టైల్స్ పనులను చదరపు అడుగు లెక్కన చేసి, తొలకరికి ఊళ్లకు తిరిగి వెళ్లే కుటుంబాల వేతన వివాదాలను కార్మిక శాఖ అధికారుల ముందు వాదించడం నా వృత్తి. పని దగ్గర పదేపదే విన్న కొన్ని మాటల వల్ల, కూలి బకాయి పడినవారిలో చాలామంది తమకు అడిగే హక్కే లేదని నమ్ముతూ నా దగ్గరికి వస్తారు. ఆ మాటల్లో ముఖ్యమైనవాటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: గుత్తకు ఒప్పుకున్నాక ఎంత వస్తే అంతే. కనీస వేతనం రోజు కూలీలకే వర్తిస్తుంది.

వాస్తవం: ఒక పనికి ప్రభుత్వం రోజువారీ కనీస వేతనాన్ని మాత్రమే నిర్ణయించి, చదరపు అడుగుకు ఇంత అని విడిగా నిర్ణయించనప్పుడు, గుత్త లెక్కన చేసినవారికి కూడా ఆ రోజువారీ కనీస వేతనానికి తగ్గకుండా చెల్లించాలి. 1948 నాటి కనీస వేతనాల చట్టం ఈ మాటే చెప్పింది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా ఇదే చెబుతోంది. ఎవరైనా అంతకంటే తక్కువకు ఒప్పుకున్నా ఆ ఒప్పందం చెల్లదు.

లెక్క ఎలా వేయాలో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇద్దరు తాపీ మేస్త్రీలు, ఇద్దరు కూలీలు కలిసి 15 రోజులు ప్లాస్టరింగ్ చేశారు. కనీస రోజు వేతనం మేస్త్రీకి 700 రూపాయలు, కూలీకి 500 రూపాయలు అనుకుందాం. అసలు రేట్లు నైపుణ్యాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి మారతాయి, కరువు భత్యం వల్ల ఏటా రెండుసార్లు పెరుగుతాయి కాబట్టి పని చేసిన కాలానికి వర్తించే రేటునే తీసుకోవాలి. కాంట్రాక్టర్ 2,200 చదరపు అడుగులు కొలిచి, అడుగుకు 14 రూపాయల చొప్పున 30,800 రూపాయలు ఇచ్చాడు. నలుగురి కనీస వేతనం రోజుకు 2,400 రూపాయలు, 15 రోజులకు 36,000 రూపాయలు. అంటే 5,200 రూపాయలు తక్కువ పడింది.

వివాదం మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. ఆ 15 రోజుల్లో మూడు రోజులు ఉదయం కాసేపు పని జరిగాక సిమెంటు అయిపోయి అందరూ సైటులోనే కూర్చున్నారు. కాంట్రాక్టర్ ఆ మూడు రోజులను తీసివేసి పని జరిగింది 12 రోజులే అని రాస్తే, కనీస వేతనం 28,800 రూపాయలకు దిగిపోతుంది, ఇచ్చిన సొమ్ము ఎక్కువగానే కనిపిస్తుంది. కార్మికుడు సిద్ధంగా ఉన్నా యజమాని పూర్తి పని ఇవ్వలేకపోయిన రోజుకు కూడా పూర్తి వేతనం లెక్కించాలన్నది చట్టంలోని నియమం. అందుకే గుత్త పని చేసేవారు కొలతను ఎంత జాగ్రత్తగా రాసుకుంటారో, హాజరైన తేదీలనూ పని ఆగిన కారణాన్నీ అంతే జాగ్రత్తగా రాసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. క్లెయిములో ఈ లోటును ఎవరికి ఎంతో పేరుపేరునా చూపించాలి. ఆలుమగలిద్దరూ పని చేసి కూలి మొత్తం భర్త పేరున రాయించుకునే అలవాటు వల్ల, ఆ దశలో భార్య శ్రమ లెక్కలోకే రాకుండా పోతోంది. ఆమె పేరు హాజరు పట్టీలో విడిగా ఉండాలి, ఆమె వేతనం ఆమెకే చెల్లాలి.

అపోహ: చేతిలో కాగితం లేదు కాబట్టి క్లెయిము నిలవదు.

వాస్తవం: హాజరు, వేతనాల రిజిస్టర్లు రాయడం, వేతన చీటీ ఇవ్వడం యజమాని బాధ్యత. వేతనం ఇవ్వలేదని గానీ తక్కువ ఇచ్చారని గానీ క్లెయిము వేసినప్పుడు, చెల్లించానని రుజువు చేయాల్సిన భారాన్ని వేతనాల కోడ్ యజమానిపైనే పెట్టింది. క్లెయిముకు గడువు మూడేళ్లు. పాత కనీస వేతనాల చట్టంలో అది ఆరు నెలలే ఉండేది.

అయితే, ఫలానా సైటులో ఫలానా వ్యక్తి కింద పని చేశామని తొలుత చూపించాల్సింది మాత్రం కార్మికులే. పని జరిగినట్టే తెలియదని ఎదుటివారు తోసిపుచ్చినప్పుడు ఇబ్బంది ఎదురయ్యేది ఇక్కడే. సైటు చిరునామా, తేదీ, చేసిన పని, కొలత, తోటివారి పేర్లు, అందిన సొమ్ము రోజూ ఒక నోటు పుస్తకంలో రాసుకుని, కొలత వేసిన సాయంత్రమే ఆ అంకెలను లేబర్ మేస్త్రీకి వాట్సాప్‌లో పంపితే, తర్వాత అతను కొలతను మార్చడం కష్టమవుతుంది. ఫోన్‌పే ద్వారా వచ్చిన చిన్న మొత్తాలు కూడా ఇద్దరి మధ్య పని సంబంధాన్ని చూపే ఆధారాలే.

అపోహ: బిల్డరు లేబర్ మేస్త్రీకి డబ్బు ఇచ్చేశాడు, మేస్త్రీ పారిపోతే అడగడానికి ఎవరూ లేరు.

వాస్తవం: వేతనం ఇవ్వాల్సిన వ్యక్తి ఇవ్వకపోతే, ఆ సంస్థ యజమాని బాధ్యుడవుతాడు. మేస్త్రీకి తాను ముందే చెల్లించానన్న కారణంతో అతను తప్పించుకోలేడు, కార్మికులకు ఇచ్చి మేస్త్రీ నుంచి రాబట్టుకోవాలి. అందువల్ల క్లెయిములో మేస్త్రీతో పాటు నిర్మాణ సంస్థను కూడా ప్రతివాదిగా చేర్చాలి. సొంత ఇల్లు కట్టుకునే వ్యక్తి విషయంలో ఈ వాదన అంత బలంగా నిలవదు. అలాంటి చోట వారం వారం లెక్క తేల్చుకోవడమే సురక్షితం.

అపోహ: అడ్వాన్సు తీరేదాకా పని మానకూడదు.

వాస్తవం: అడ్వాన్సును వేతనం నుంచి చట్టబద్ధంగా మినహాయించుకోవచ్చు. ప్రయాణ ఖర్చుల కింద ఇచ్చిన అడ్వాన్సును మాత్రం మినహాయించకూడదు. బాకీ పేరుతో మనిషిని కదలనివ్వకపోవడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం నేరం.

అపోహ: ఈ-శ్రమ్ కార్డు ఉంది కాబట్టి సంక్షేమ బోర్డు సాయం వస్తుంది.

వాస్తవం: ఈ-శ్రమ్ అసంఘటిత కార్మికులందరి కోసం 2021లో కేంద్రం ప్రారంభించిన జాతీయ నమోదు. ప్రసూతి, వివాహం, మరణం వంటి సందర్భాల్లో సాయం చేసే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో సభ్యత్వం వేరు, ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ బోర్డులు కూడా వేర్వేరు. నిర్మాణ సంస్థ ప్రాజెక్టు ఖర్చులో 1 శాతం సెస్సు కట్టినంత మాత్రాన కూడా అక్కడ పని చేసినవారు సభ్యులు కారు.

సభ్యత్వానికి వయసు 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండాలి, గడిచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. ఆ 90 రోజులు వరుసగా ఉండాలని గానీ ఒకే యజమాని దగ్గర ఉండాలని గానీ నిబంధన లేదు. కాబట్టి ఆరు నెలలు పొలం, ఆరు నెలలు అడ్డా కూలి చేసుకునేవారు కూడా పూర్తి అర్హులే. 

అపోహ: బోర్డు కార్డు లేనివారికి ప్రమాదం జరిగితే ఏమీ రాదు.

వాస్తవం: బోర్డు ఇచ్చే సాయం, యజమాని ఇవ్వాల్సిన నష్టపరిహారం రెండూ వేర్వేరు. పరంజా మీద నుంచి పడి కాలు విరిగినా, ప్రాణం పోయినా పరిహారం చెల్లించాల్సింది యజమాని, దానికి బోర్డు కార్డుతో సంబంధం లేదు. ఆసుపత్రి ఖర్చులు పెట్టుకుని, కొంత సొమ్ము చేతిలో పెట్టి, ఇక ఏ హక్కూ లేదని తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నంత మాత్రాన ఈ హక్కు పోదు. ప్రమాదం ఎక్కడ, ఎలా జరిగిందో ఆసుపత్రి చీటీలో మొదటి రోజే రాయించాలి. ఇంట్లో జారిపడ్డాడని రాస్తే తర్వాత దాన్ని మార్చడం చాలా కష్టం. క్లెయిమును రెండేళ్ల లోపు వేయాలి.