ఆనోడ్, కాథోడ్ తారుమారైతే: ఘటం పొటెన్షియల్ గుర్తు చుట్టూ ఉన్న అపోహలు

విద్యుద్రసాయన ఘటాల లెక్కల్లో మార్కులు పోయేది ఎక్కువగా గుర్తు దగ్గరే. సంఖ్య సరిగ్గానే ఉంటుంది, దాని ముందు ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ ఉంటుంది. దీన్ని అజాగ్రత్త అనేసి వదిలేస్తే మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. ఎందుకంటే చాలామంది విషయంలో అది అజాగ్రత్త కాదు, ఆనోడ్‌ని గుర్తుపట్టే పద్ధతే తప్పు.

అపోహ: ప్రమాణ క్షయకరణ పొటెన్షియల్స్ పట్టికలో మైనస్ విలువ ఉన్నది ఆనోడ్, ప్లస్ విలువ ఉన్నది కాథోడ్.

జింక్, కాపర్ ఘటంతో పాఠం మొదలవడం వల్ల ఈ అభిప్రాయం ఏర్పడిపోతుంది. జింక్‌కి −0.76 V, కాపర్‌కి +0.34 V కాబట్టి అక్కడ ఇది సరిపోతుంది. జింక్, ఐరన్ ఇచ్చి చూడండి. Zn²⁺/Zn విలువ −0.76 V, Fe²⁺/Fe విలువ −0.44 V. రెండూ మైనస్సే. ఇప్పుడు ఏది ఆనోడ్?

పట్టికలోని మైనస్‌కి ఉన్న అర్థం ఒక్కటే: హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌ని సున్నాగా పెట్టుకుంటే ఈ విలువ దానికంటే కింద ఉంది. ఆనోడ్ ఏదో తేల్చేది సున్నా కాదు, ఎదుట ఉన్న రెండో అర్ధఘటం. ప్రమాణ స్థితిలో రెండు క్షయకరణ పొటెన్షియల్స్‌లో ఏది తక్కువైతే అది ఆనోడ్. సంఖ్యారేఖ మీద −0.76 ఎడమన, −0.44 కుడిన ఉంటాయి. కాబట్టి జింక్ ఆక్సీకరణం చెందుతుంది, Fe²⁺ క్షయకరణం చెందుతుంది. అదే ఐరన్‌ని కాపర్ పక్కన పెడితే ఐరనే ఆనోడ్ అవుతుంది. ఏ లోహానికీ ఆనోడ్ అనేది శాశ్వతమైన పేరు కాదు.

అపోహ: ఆనోడ్ విలువ గుర్తు మార్చి, తర్వాత కాథోడ్ విలువలోంచి తీసివేయాలి.

ఇక్కడ రెండు సరైన పద్ధతులు కలిసిపోయి ఒక తప్పు పద్ధతి తయారవుతోంది. మొదటి పద్ధతిలో రెండూ క్షయకరణ పొటెన్షియల్స్‌గానే ఉంచి తీసివేస్తాం:

E°(ఘటం) = E°(కాథోడ్) − E°(ఆనోడ్)

రెండో పద్ధతిలో ఆనోడ్ చర్యను తిరగరాసి, గుర్తు మార్చి, ఆక్సీకరణ పొటెన్షియల్‌గా కలుపుతాం. గుర్తు ఒక్కసారే మారాలి. సూత్రంలోని మైనస్సే ఆ పని చేసేసింది. మనం ముందే మార్చి మళ్లీ తీసివేస్తే రెండుసార్లు మారినట్టే.

జింక్, ఐరన్ లెక్కలో దీన్ని దగ్గరగా చూద్దాం. సరైన జవాబు −0.44 − (−0.76) = +0.32 V. ఆనోడ్, కాథోడ్ తారుమారైతే −0.76 − (−0.44) = −0.32 V వస్తుంది. గుర్తు రెండుసార్లు మారిస్తే −0.44 − (+0.76) = −1.20 V వస్తుంది.

దిద్దేవాళ్లకీ, సొంతంగా సరిచూసుకునేవాళ్లకీ పనికొచ్చే విషయం ఇది. తప్పు జవాబే తప్పు ఎక్కడ జరిగిందో చెబుతుంది. అంకెలు సరిగ్గా ఉండి గుర్తు మాత్రమే తిరగబడితే ఎలక్ట్రోడ్లు తారుమారయ్యాయి. అంకెలే మారిపోతే రెండు పద్ధతులు కలిసిపోయాయి. మొదటిదానికి చర్యలు రాయడం నేర్పాలి, రెండోదానికి ఒకే సూత్రానికి కట్టుబడడం నేర్పాలి. రెండింటికీ ఒకే మందు వేస్తే ప్రయోజనం లేదు.

అపోహ: జవాబు మైనస్‌లో వస్తే తప్పు చేసినట్టే, గుర్తు తీసేసి ప్లస్ రాసేయాలి.

ఇది అన్నిటికంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే సగంసార్లు నిజమవుతుంది. "ఈ రెండు ఎలక్ట్రోడ్లతో పనిచేసే గాల్వానిక్ ఘటం తయారుచేస్తే పొటెన్షియల్ ఎంత" అని అడిగితే జవాబు ప్లస్‌లోనే రావాలి. కానీ ఘటాన్ని ప్రశ్నే గీతలతో రాసి ఇస్తే ఎడమవైపు ఉన్నది ఆనోడ్, కుడివైపు ఉన్నది కాథోడ్ అన్నది ఒప్పందం. అలా రాసిన దిశకే పొటెన్షియల్ చెప్పాలి. మైనస్ వస్తే మైనస్సే జవాబు. రాసిన దిశలో చర్య తనంతట తాను జరగదని దాని అర్థం.

ఈ ఘటాన్ని తీసుకోండి:

Fe | Fe²⁺ (1 M) || Cd²⁺ (0.001 M) | Cd

Cd²⁺/Cd విలువ −0.40 V. ప్రమాణ పొటెన్షియల్ −0.40 − (−0.44) = +0.04 V. ప్లస్ వచ్చింది కదా అని ఇక్కడే ఆగితే దెబ్బతింటారు. చర్య Fe + Cd²⁺ → Fe²⁺ + Cd. రెండు ఎలక్ట్రాన్లు, 25 °C. నెర్నస్ట్ సమీకరణంలో వేస్తే:

E = 0.04 − (0.059/2) log(1/0.001)
E = 0.04 − 0.0885 = −0.0485 V

క్యాడ్మియం అయాన్లు బాగా పలచబడటంతో దిశ తిరగబడింది. నిజంగా తీగ కలిపితే క్యాడ్మియం కరుగుతుంది, ఐరన్ పేరుకుంటుంది. Fe²⁺ 1 M దగ్గరే ఉంచితే Cd²⁺ గాఢత సుమారు 0.044 M కంటే తగ్గగానే ఈ మార్పు వస్తుంది. తక్కువ విలువ ఉన్నదే ఆనోడ్ అనే నియమం ప్రమాణ స్థితికి చెప్పినది. E° తేడా ఇంత చిన్నగా ఉన్నప్పుడు గాఢతలు చూడకుండా ఆనోడ్‌ని తేల్చకూడదు. జింక్, కాపర్ ఘటానికి తేడా 1.10 V కాబట్టి మామూలు గాఢతలు దాన్ని తిప్పలేవు.

ఇక ప్రశ్న "పనిచేసే ఘటం" అడిగితే ఎలక్ట్రోడ్లు మార్చాలి. అప్పుడు మూడూ కలిసి మారాలి: చర్య, E°, గాఢతల నిష్పత్తి. E° −0.04 అవుతుంది, నిష్పత్తి 0.001/1 అవుతుంది:

E = −0.04 − (0.0295)(−3) = +0.0485 V

అంకెలు అవే, గుర్తు మాత్రం తిరిగింది. సరిగ్గా మార్చామనడానికి ఇదే రుజువు. E° తిప్పి నిష్పత్తి తిప్పడం మరిచిపోతే −0.1285 V వస్తుంది, నిష్పత్తి తిప్పి E° మరిచిపోతే +0.1285 V వస్తుంది. ఈ రెండోది మరీ మోసం చేస్తుంది. ప్లస్‌లో ఉంది కదా అని ఎవరూ వెనక్కి చూడరు.

ప్రయోగశాలలోనూ మైనస్ రావచ్చు. మల్టీమీటర్ నల్ల తీగ ఆనోడ్‌కి, ఎర్ర తీగ కాథోడ్‌కి పెడితే ప్లస్ చూపిస్తుంది. మైనస్ చూపిస్తే నల్ల తీగ తగిలిన ఎలక్ట్రోడ్ నిజానికి కాథోడ్ అన్నమాట. ఆ రీడింగ్‌ని కొట్టేయకుండా, ఏ తీగ దేనికి పెట్టారో పక్కన రాసుకుంటే అదే ఆనోడ్ ఏదో చెప్పేస్తుంది.

అపోహ: ఆనోడ్ అంటే రుణ ధ్రువం.

గాల్వానిక్ ఘటంలో అవును. విద్యుద్విశ్లేషణలో ఆనోడ్‌ని బ్యాటరీ ధన ధ్రువానికి కలుపుతాం, అక్కడ అది ధన ధ్రువం. రెండు చోట్లా మారనిది ఆక్సీకరణం ఒక్కటే. అందుకే లెక్క మొదలుపెట్టేటప్పుడు ధ్రువాల గుర్తులు కాకుండా, ఎలక్ట్రాన్లు ఏ వైపు విడుదలవుతున్నాయో చూపే అర్ధచర్యను ముందు కాగితం మీద పెట్టాలి. Zn → Zn²⁺ + 2e⁻ అని రాశాక, ఎలక్ట్రాన్లు బాణానికి కుడివైపు కనిపిస్తున్నాయంటే అది ఆనోడే.