మూతికి రెండు మాస్కులు, చేతులు మాత్రం అలాగే

మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ అనే క్రిమి వచ్చిందని పేషెంటును విడి గదికి మార్చగానే ఇంటివాళ్లు అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "సిస్టర్, గాలికి మాకు గూడ అంటుకుంటదా?" కరోనా నాటి భయం ఇంకా పోలేదు, వాళ్లను తప్పుపట్టను. నల్లగొండలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా ఈ ప్రశ్నకు ఎన్నిసార్లు జవాబు చెప్పానో లెక్కలేదు. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఆడియో విని కర్పూరం, వెల్లుల్లి గుడ్డలో కట్టి మంచానికి వేలాడదీసే వాళ్లను చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది.

అపోహ: గాలిలో వస్తుంది, మాస్కు ఉంటే చాలు.

ఈ క్రిమి వార్డులో తిరిగేది ముఖ్యంగా చేతుల మీద. ఒక కేసు చెప్తాను. దేవరకొండ వైపు నుంచి అరవై ఏళ్ల రైతు వచ్చాడు. షుగర్, కాలికి పుండు. అంతకుముందు మూడు వారాలు వేరే ఆసుపత్రిలో ఉన్నాడు. అలా వచ్చిన వాళ్లకు మా దగ్గర చేరిన రోజే స్వాబ్ తీస్తాం: ఒకే పుల్లతో రెండు ముక్కు రంధ్రాల్లో, ఇంకో పుల్లతో గజ్జల్లో, మూడోది పుండు మీద. ల్యాబులో క్రిమిని పెంచి చూసే కల్చర్ రిపోర్టుకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆయన జనరల్ వార్డులోనే ఉన్నాడు. ముక్కు, పుండు రెండూ పాజిటివ్.

వెంటనే ఆ వరుసలోని మిగతా వాళ్లకూ స్వాబ్ తీశాం. తుంటి ఎముక ఆపరేషన్ అయిన ఎదుటి మంచం పెద్దమ్మకు ముక్కులో పాజిటివ్ వచ్చింది. ఆమె చేరిన రోజు తీసిన స్వాబ్ నెగెటివ్. అంటే చాలావరకు మా వార్డులోనే అంటిందన్నమాట.

ఎలా అంటిందా అని ఆలోచిస్తే, రైతు రిపోర్టు రాకముందు ఓ మధ్యాహ్నం ఆ వార్డు మూలన కూర్చుని చూసింది గుర్తొచ్చింది. రైతు కోడలు మూతికి రెండు మాస్కులు కట్టుకుంది. మామ కాలు ఎత్తి కింద దిండు సర్దింది. తడిసిన కట్టును వేలితో తాకి చూసింది. మంచం కడ్డీ పైకి లేపింది. అంతలో పెద్దమ్మ "బిడ్డా, జర నీళ్లు" అంటే అదే చేత్తో గ్లాసందించి, ఆమె తల పట్టుకుని తాగించింది. ఎంత మంచి పిల్ల! మధ్యలో చేతులు కడుక్కోలేదు, అంతే. అయితే బీపీ పట్టీ కూడా ఆ రెండు మంచాల మధ్యే తిరిగింది, అది మా తప్పు. ఏ చేయి తెచ్చిందో ఖాయంగా చెప్పలేను. కడ్డీ, స్టూలు, పట్టీ లాంటి పొడి వస్తువుల మీద ఈ క్రిమి రోజుల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి బతుకుతుంది. కాబట్టి పేషెంటును ముట్టుకోకపోయినా, మంచం ముట్టుకున్నా చేతికి వస్తుంది.

అందుకే విడి గది. అది గాలిని ఆపడానికి కాదు, చేతులనూ వస్తువులనూ ఆ గుమ్మం దాటకుండా ఆపడానికి. బీపీ పట్టీ, థర్మామీటర్, స్టెతస్కోపు ఆ గదివి ఆ గదిలోనే ఉంటాయి. లోపలికి వెళ్లే సిబ్బంది గ్లవ్స్, గౌను వేసుకుంటారు. వచ్చేటప్పుడు వాటిని తీసేసి చేతులు శుభ్రం చేసుకుంటారు. హ్యాండ్‌రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు, బొటనవేలు, వేళ్ల కొసలతో సహా తడవాలి. మురికి కనిపిస్తే సబ్బు, నీళ్లే.

అపోహ: గ్లవ్స్ ఉన్నాయి కదా.

ఇది సిబ్బందికి. కొత్తలో నేనూ ఒకే జత గ్లవ్స్‌తో రెండు మంచాలు చూసి, సీనియర్ సిస్టర్‌తో అందరి ముందు తిట్లు తిన్నాను. గ్లవ్స్ నా చేతిని కాపాడాయి, రెండో పేషెంటును కాదు. తీసేటప్పుడు క్రిమి చర్మానికి అంటుతుంది, అందుకే తీశాక కూడా చేతులు కడగాలి.

అపోహ: స్వాబ్ పాజిటివ్ అంటే జబ్బు.

కాదు. పెద్దమ్మకు జ్వరం లేదు, ఆపరేషన్ గాయం ఆరుతోంది. క్రిమి ముక్కులో ఊరికే ఉంది. ఆమెకు సెలైన్‌లో యాంటీబయాటిక్ ఎక్కించలేదు. 5 రోజులు ముక్కులో ముపిరోసిన్ ఆయింట్‌మెంట్ రాశాం, క్లోర్‌హెక్సిడిన్‌తో ఒళ్లు తుడిచాం. అలా చేసినా కొందరికి మళ్లీ వస్తుంది. రైతుకు పుండులో చీము ఉంది కాబట్టి ఆయనకు మందు వేరే.

అపోహ: ఇంటికెళ్లాక కంచం, గ్లాసు వేరు పెట్టాలి.

అక్కర్లేదు. తువ్వాలు, గడ్డం గీసుకునే బ్లేడు మాత్రం ఎవరివి వాళ్లకే ఉండాలి. కట్టు మార్చిన వాళ్లు చేతులు కడుక్కోవాలి. మనవలను ఎత్తుకోవచ్చు, పుండు కప్పి ఉంచితే చాలు.

డిశ్చార్జి రోజు రైతు కొడుకు సంచిలోంచి ఒక మడత కాగితం తీశాడు. పాత ఆసుపత్రి కల్చర్ రిపోర్టు. ఎంఆర్‌ఎస్‌ఏ అని అందులో ముందే ఉంది. "చూపిస్తే చేర్చుకోరేమో అని దాచిన సిస్టర్" అన్నాడు తల దించుకుని. చేరిన రోజే చూపించి ఉంటే ఆయన్ను మొదటి గంటలోనే విడి గదిలో పెట్టేవాళ్లం. ఆ కాగితాన్ని మా డిశ్చార్జి సమ్మరీకి పిన్ను కొట్టి, ఇక ఏ ఆసుపత్రికి పోయినా ముందు దీన్నే చూపించమని చెప్పి చేతికిచ్చాను.