‘oYce’ ఎక్కడి నుంచి వచ్చింది: స్మాల్ క్యాప్స్ గొడవ వెనక కథ

పుస్తకాలు డిజైన్ చేసేవాళ్లకీ ఫాంట్లు తయారుచేసి అమ్మేవాళ్లకీ మధ్య పాత పేచీ మళ్లీ రాజుకుంది. పుస్తకం లోపలి పేజీల కోసమే అని చెప్పి అమ్మే ఇంగ్లిష్ ఫాంట్‌లో పెద్దబడి రూపంలోనే ఉండి చిన్నబడి ఎత్తున నిలిచే స్మాల్ క్యాప్స్, చిన్నబడిలా ఎగుడుదిగుడుగా ఉండే ఓల్డ్ స్టైల్ అంకెలు, అసలైన ఇటాలిక్ ఉండి తీరాలని ఒక పక్షం. అవి హంగులు, కావలసినవాళ్లు ఎక్కువ పెట్టి కొనుక్కుంటారని రెండో పక్షం.

ఈ కథను 1501లో వెనిస్ నుంచి, ఆల్దస్ మనూటియస్ ఇటాలిక్‌లో అచ్చువేసిన వర్జిల్ కావ్యాల నుంచి మొదలుపెట్టడం ఆనవాయితీ. అది చాలాసార్లు చెప్పిన కథే, ఇక్కడ వదిలేద్దాం. ఇవాళ్టి గొడవకు మూలం అంత వెనక లేదు. 1980ల చివర, డీటీపీ కొత్తగా వచ్చిన రోజుల్లో ఉంది.

దాని ఆనవాళ్లు ఇప్పటికీ దొరుకుతాయి. 1990లలో తయారైన పరిశోధన పత్రాల పీడీఎఫ్‌లలోంచి ఒక పేరా కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేస్తే, కొన్నిసార్లు `different` బదులు `diVerent` అని, `significant` బదులు `signiWcant` అని వస్తుంది. `office` అయితే `oYce` అవుతుంది. తెరమీద చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది. వెతకబోతే మాత్రం ఆ మాట దొరకదు. ఇది స్కానింగ్ పొరపాటు కాదు, టైపిస్టు తప్పూ కాదు. ఫాంట్‌ను రెండు ముక్కలు చేసినందుకు మిగిలిన మచ్చ.

అప్పటి పోస్ట్‌స్క్రిప్ట్ టైప్ 1 ఫాంట్‌లో ఒకసారికి 256 సంకేతాలకు మించి వాడే వీల్లేదు. పెద్దబడి, చిన్నబడి, అంకెలు, విరామచిహ్నాలు, యూరప్ భాషల గుర్తులున్న అక్షరాలు పెట్టేసరికి ఆ గదులు నిండిపోయేవి. స్మాల్ క్యాప్స్‌కి చోటు లేదు. అంకెలు ఒక్క రకమే పట్టేవి. ఆ ఒక్క రకం లైనింగ్ అంకెలు, అంటే పెద్దబడి ఎత్తున వరసగా నిలబడేవి, అయి ఉండేది. పట్టికల్లో, బిల్లుల్లో అవే పనికొస్తాయి కదా.

1989లో అడోబీ సంస్థ రాబర్ట్ స్లిమ్‌బాక్ గీసిన అడోబీ గ్యారమాండ్‌ను తెచ్చింది. పుస్తకాల మనిషి ఆశించేవన్నీ దానికి గీశారు. కానీ ఒక ఫైల్‌లో పట్టవు కాబట్టి మిగిలినవాటిని ‘ఎక్స్‌పర్ట్’ అనే తోడు ఫాంట్‌లో పెట్టారు. అందులో చిన్నబడి మీటలు నొక్కితే స్మాల్ క్యాప్స్ వస్తాయి, అంకెల మీటలకు ఓల్డ్ స్టైల్ అంకెలు. `ff`, `fi`, `ffi` లాంటి, అక్షరాలు అతుక్కుని ఒకే రూపమైన జంటలకు మీటలు లేవు కనుక పెద్దబడి `V`, `W`, `Y` గదుల్లో కూర్చోబెట్టారు. `office` సరిగ్గా పడాలంటే `o` కొట్టి, ఫాంట్ మార్చి, `Y` కొట్టి, మళ్లీ ఫాంట్ మార్చి `ce` కొట్టాలి. కంటికి కనిపించేది ఒకటి, కంప్యూటర్ దాచుకునేది ఇంకొకటి. స్పెల్‌చెక్ ఆ మాటను తప్పంటుంది, హైఫన్ ఎక్కడ పెట్టాలో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.

నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ఇబ్బంది ఎలా ఉన్నా, దాంతో పాటు ఒక భావన నాటుకుంది. అంతవరకూ ‘పుస్తకం టైపు’ అంటే ఒక కుటుంబం. లోహపు టైపు పోసే మోనోటైప్ యంత్రంలో 15 అడ్డం, 15 నిలువు, మొత్తం 225 గదుల చట్రంలో నిటారు అక్షరాలు, ఇటాలిక్, స్మాల్ క్యాప్స్ కలిసే ఉండేవి. లోహం రోజుల్లో కాపురం కలిసి చేసినవి కంప్యూటర్‌కి రాగానే వేరుపడ్డాయి. ఒకటి మామూలు ఫాంట్, రెండోది నిపుణులది. రెండో దానికి వేరే ధర.

ఆ ధర పెట్టనివాళ్లు ఏం చేశారు? సాఫ్ట్‌వేర్‌లో స్మాల్ క్యాప్స్ బటన్ నొక్కారు. అది పెద్దబడి అక్షరాలను కుదించి చూపిస్తుంది, అంతే. అందులో నష్టం ఏమిటో లెక్క వేసి చూద్దాం. ఫాంట్‌ను 1000 యూనిట్ల గడిలో గీస్తారనుకోండి. ఒక ఫాంట్‌లో పెద్దబడి `I` కాడ మందం 88 యూనిట్లు, చిన్నబడి `l` కాడ 78. పెద్దబడిని 70 శాతానికి కుదిస్తే కాడ 62కి పడిపోతుంది. అంటే పక్కనున్న చిన్నబడి కంటే ఐదో వంతు సన్నం. పేజీని కాస్త దూరం పెట్టి కళ్లు చికిలించి చూడండి. వరసలో ఆ మాట ఉన్నచోట సిరా అయిపోయినట్టు వెలిసిపోయి కనిపిస్తుంది. అసలైన స్మాల్ క్యాప్స్‌ను విడిగా గీస్తారు. చిన్నబడి ఎత్తుకు సమానంగానో ఒక పిసరు ఎక్కువగానో ఉంటాయి, కాడ మందం చిన్నబడితో తూగుతుంది, అక్షరం కొంచెం వెడల్పు, మధ్య సందు కొంచెం ఎక్కువ. కుదింపులో వీటిలో ఏదీ రాదు.

అంకెల విషయం ఇంకా తేలిగ్గా తెలిసిపోతుంది. ఓల్డ్ స్టైల్‌లో 0, 1, 2 చిన్నబడి ఎత్తున ఆగుతాయి. 3, 4, 5, 7, 9 గీత కిందికి దిగుతాయి. 6, 8 పైకి లేస్తాయి. 1938 అన్న సంవత్సరంలో 1 పొట్టిగా, 9, 3 కిందికి, 8 పైకి ఉండి, చిన్నబడి మాటలాగే ఎగుడుదిగుడుగా వాక్యంలో కలిసిపోతుంది. లైనింగ్ అంకెలైతే అదే 1938 వాక్యం మధ్యలో కేకపెట్టినట్టు పెద్దబడిలో నిలబడుతుంది. పట్టికలో మాత్రం వెడల్పులన్నీ సమానంగా ఉండే లైనింగ్ అంకెలే హాయి. అందుకే ఒక రకంతో సరిపోదు. రెండు ఎత్తులు, ఒక్కోదానికి రెండు రకాల వెడల్పులు, మొత్తం నాలుగు జతలు కావాలి.

256 గదుల ఇరుకు ఎప్పుడో తీరిపోయింది. 1996లో మైక్రోసాఫ్ట్, అడోబీ కలిసి ప్రకటించిన ఓపెన్‌టైప్ అనే ఫాంట్ పద్ధతిలో ఒక ఫైల్‌లోనే 65 వేలకు పైగా అక్షర రూపాలు పడతాయి. అక్షరం అక్షరంగానే ఉంటుంది, రూపం మాత్రం మారుతుంది. `smcp` అనే ఆదేశం చిన్నబడిని స్మాల్ క్యాప్స్ చేస్తుంది, `c2sc` పెద్దబడిని, `onum` అంకెల్ని మారుస్తుంది. `office` ఇక `office`గానే దాగి ఉంటుంది.

కారణం పోయింది గానీ అలవాటు పోలేదు. ఒకే డిజైన్‌ను చౌకరకం, ఖరీదురకం అని రెండుగా అమ్మడం చాలాచోట్ల సాగింది. గూగుల్ ఫాంట్స్‌లో స్మాల్ క్యాప్స్‌ను `Alegreya SC` లాంటి వేరే కుటుంబంగా పెట్టారు. వర్డ్ 2010 నుంచి అంకెల రకం ఎంచుకోనిచ్చింది గానీ, స్మాల్ క్యాప్స్ బటన్ మాత్రం పెద్దబడిని కుదించే పనే చేస్తోంది. ఫాంట్‌లో గీసినవి ఉన్నా వాటి జోలికి పోదు.

అమ్మేవాళ్ల వాదన తీసిపారేసేది కాదు. స్మాల్ క్యాప్స్ అంటే 26 అక్షరాలు కాదు, గుర్తులున్నవి కలిపితే వందకు పైమాటే. నిటారు, ఇటాలిక్, బోల్డ్ అన్నిటికీ గీయాలి, జంటజంటకీ సందులు సరిచేయాలి. కొన్నవాళ్లలో చాలామంది ఆ మెనూ తెరిచి కూడా చూడరు.

ఇటాలిక్ దగ్గర వాళ్లు బ్రిటిష్ టైపు నిపుణుడు స్టాన్లీ మోరిసన్‌ను సాక్షికి పిలుస్తారు. 1926లో ఆయన, ఇటాలిక్ వేరే చేతిరాతలా ఉండక్కర్లేదు, నిటారు అక్షరాన్ని వాలిస్తే చాలని రాశాడు. డచ్ టైపు డిజైనర్ యాన్ వాన్ క్రింపెన్ తన రోములస్ టైపుకు సరిగ్గా అలాగే చేశాడు. ఇంతవరకూ నిజమే. తర్వాతి భాగం వాళ్లు చెప్పరు. అదే వాన్ క్రింపెన్ రోములస్ కుటుంబంలోకి చేతిరాత పోలికలున్న కాన్సెల్లెరెస్కా బస్తార్దాను కూడా తెచ్చాడు. మోరిసన్ ఆధ్వర్యంలో 1932లో వచ్చిన టైమ్స్ న్యూ రోమన్‌కు మామూలు ఇటాలిక్కే ఉంది. పైగా వాళ్లిద్దరి వాదం నిపుణుడు చేత్తో గీసిన వాలు అక్షరం గురించి. కంప్యూటర్ పక్కకు తోసిన అక్షరం గురించి కాదు. అలా తోస్తే `o`లో మందం ఒక మూలకు జరిగి గుండ్రం వికటిస్తుంది, `a` రెండంతస్తులతోనే వాలుతుంది, వెడల్పు తగ్గదు. అసలైన ఇటాలిక్‌లో చాలావరకు `a` ఒకే సున్నా అవుతుంది, `f` తోక కిందికి దిగుతుంది, మాట మొత్తం ఇరుకవుతుంది. అక్షరాల కొసల్లో సెరిఫ్‌లనే చిన్న గీతలు లేని టైపుల్లో వాలు రూపం చెల్లుతుంది, 1957 నాటి యూనివర్స్ అలాంటిదే. పుస్తకం టైపుకు అది సాకు కాదు.

ఫాంట్ కొనేముందు మోసం పట్టడానికి బ్రౌజర్‌లో ఒక చిన్న పరీక్ష ఉంది:

```
font-synthesis: none;
font-style: italic;
font-variant-caps: all-small-caps;
font-variant-numeric: oldstyle-nums proportional-nums;
```

మొదటి వరస బ్రౌజర్‌ను దొంగ రూపాలు తయారు చేయొద్దంటుంది. అసలైనవి ఫాంట్‌లో ఉంటేనే పేజీ మారుతుంది, లేకపోతే అక్షరాలు మామూలుగానే నిలబడతాయి. ఇక్కడ చాలా ఫాంట్లు దొరికిపోతాయి. నిటారులో స్మాల్ క్యాప్స్ ఉండి ఇటాలిక్‌లో లేకపోవడం మామూలే. `smcp` పెట్టి `c2sc` మరిచిపోవడం ఇంకోటి. అప్పుడు పొడి అక్షరాలను స్మాల్ క్యాప్స్ చేయాలంటే `NASA`ను `nasa` అని మళ్లీ టైపు చేయాల్సి వస్తుంది. రూపం కోసం పాఠాన్నే మార్చడం, అంటే పాత `oYce` రోగమే.

పరీక్ష వరసలో `Dvořák` అనే పేరు కూడా పెట్టండి. పాత ఎక్స్‌పర్ట్ ఫాంట్‌లో `á`కి స్మాల్ క్యాప్ ఉండేది, `ř`కి లేదు. ఇవాళ్టి ఫాంట్లలోనూ కొన్ని అక్కడే ఆగాయి. మిగిలిన ఐదు అక్షరాలు స్మాల్ క్యాప్స్‌లోకి మారి, `ř` ఒక్కటే చిన్నబడిలో ఉండిపోతుంది.