ఆర్‌సీసీబీ పడితే లివర్ పట్టుకుని నిలబడకండి: అపోహలు - వాస్తవాలు

ఆర్‌సీసీబీ అంటే కరెంట్ భూమిలోకి లీకైతే ఇంటి సరఫరా తెంపేసే బ్రేకర్. పోయిన వానాకాలం ఒక రాత్రి మల్కాజ్‌గిరి నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు. "కరెంట్ పోయిందిరా, లివర్ పైకెత్తి పట్టుకుంటున్నా నిలబడట్లేదు" అన్నాడు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ రెండో ఏడు చదివే వాళ్ళమ్మాయి ఫోన్ లాక్కుంది. "బాబాయ్, మెట్ల లైటు వెలుగుతోంది, ఎదురింట్లో టీవీ నడుస్తోంది. తేడా మనింట్లోనే."

అపోహ: గట్టిగా పట్టుకుంటే బ్రేకర్ నిలబడుతుంది.
వాస్తవం: మీరు పట్టుకున్నా లోపల కాంటాక్టులు విడిపోతాయి. దాని తయారీయే అంత.

అపోహ: లోడ్ ఎక్కువైతేనే ఆర్‌సీసీబీ పడుతుంది.
వాస్తవం: అది ఒక్కో గది లైనుకు విడిగా ఉండే చిన్న బ్రేకర్, ఎంసీబీ పని. అమ్మాయి చెప్పులేసుకుని, చేతులు తుడుచుకుని, ఫోన్ టార్చ్ వెలుగులో బ్రేకర్లన్నీ ఉండే పెట్టె, అంటే డీబీ తలుపు మాత్రం తెరిచింది, స్క్రూల జోలికి పోలేదు. ఎంసీబీలన్నీ పైకే ఉన్నాయి, టెస్ట్ బటన్ ఉండే వెడల్పాటి ఆర్‌సీసీబీ ఒక్కటే కిందికి ఉంది. అంటే కరెంట్ ఎక్కడో భూమిలోకి లీకవుతోంది. ఇళ్ళలో పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లది, 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు లాగే కరెంట్ కన్నా తక్కువ లీకేజీకే పడిపోతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీకి అంత చిన్న లీకేజీ తెలియను కూడా తెలియదు.

ఎంసీబీలన్నీ దించి ఆర్‌సీసీబీ లేపింది, నిలబడింది. తర్వాత ఒక్కొక్కటే లేపుతూ వచ్చింది. హాలు, బెడ్‌రూమ్, వంటగది అన్నీ బాగున్నాయి, బాల్కనీది లేపగానే ఆర్‌సీసీబీ టక్కున పడింది.

"వాషింగ్ మెషిన్ స్విచ్ ఆఫే ఉంది కదే!" అన్నాడట అన్నయ్య. ఇది మూడో అపోహ. బోర్డులో స్విచ్ దాకా ఫేజ్ వైరు ఎప్పుడూ లైవ్‌గానే ఉంటుంది, తడి అక్కడ చేరితే స్విచ్ ఆఫ్ ఉన్నా లీకేజీ ఆగదు. పిల్ల ఆర్‌సీసీబీ కిందే ఉంచి మెషిన్ ప్లగ్ పీకింది (ఆర్‌సీసీబీ ఫేజ్, న్యూట్రల్ రెండూ తెంపుతుంది కాబట్టి), మళ్ళీ లేపి చూసింది. ఈసారీ పడింది, కాబట్టి తప్పు మెషిన్‌ది కాదు. బాల్కనీ ఎంసీబీ కిందే ఉంచి, "లేపొద్దు" అని కాగితం అంటించి, మిగతావి లేపేసరికి ఇల్లంతా వెలిగింది. పొద్దున నేను వెళ్ళి బాల్కనీ బోర్డు విప్పితే గోడ పైపులోంచి దిగిన వాననీరు సాకెట్ వెనక నిలిచి ఉంది.

ఈ పద్ధతి అన్నిసార్లూ పనిచేయదు. మన ఇళ్ళలో ఎంసీబీ ఎక్కువగా ఫేజ్ ఒక్కటే తెంపుతుంది, కాబట్టి న్యూట్రల్ వైరు ఎర్త్‌కి తగిలితే అన్నీ దించినా ఆర్‌సీసీబీ పడొచ్చు, లేదా ఒకసారి ఒక ఎంసీబీ దగ్గర, ఇంకోసారి ఇంకోదాని దగ్గర పడుతూ తికమక పెట్టొచ్చు. అలా కనిపిస్తే అక్కడితో ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. డీబీ తడిసినా, కాలిన వాసన వచ్చినా అసలు ముట్టుకోవద్దు.