అమ్మేదాకా నష్టం లేదంటారా? మిగిలిపోయిన సరుకు విలువపై అపోహలు - వాస్తవాలు

మార్చి ఎండింగ్ దాటి ఏప్రిల్ వచ్చిందంటే ప్రొద్దుటూరులో ఏ బట్టల అంగడి మెట్లెక్కినా నాకు ఒకటే మాట వినిపిస్తుంది: "సరుకు అమ్మనే లేదు కదా సార్, అప్పుడే నష్టం ఎట్లా రాస్తావు?" ఇరవై ఏళ్లుగా ఈ అంగళ్ల లెక్కలు చూస్తున్నా. జవాబు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది కాబట్టి ఈసారి రాసిపెడుతున్నా.

ఈ ఏడాది అడిగినాయన పెద్దమనిషి, మర్యాదస్తుడు. పై అరలోంచి ఒక ఆర్ట్ సిల్క్ చీర దింపి నా ముందు పరిచాడు. కవరు పసుపెక్కింది, మడత దగ్గర జరీ కొంచెం నల్లబడింది. "దీన్ని 1,800కి కొన్నా. బీరువాలో భద్రంగా ఉంది. 1,800 ఎక్కడికి పోతుంది?" అన్నాడు. ఎక్కడికి పోతుందని కాదు, ఎప్పుడో పోయింది. ఆ డిజైన్ అడిగేవాళ్లు లేరని ఆయనకూ తెలుసు. పోయిన దీపావళి నుంచి ఆ లాటులో కదిలినవి తొమ్మిదే.

అపోహ: అమ్మేదాకా సరుకును కొన్న ధరకే చూపాలి.

వాస్తవం: కొన్న ధర, చేతికి దక్కే ధర, ఈ రెండిట్లో ఏది తక్కువైతే దానికే చూపాలి. అకౌంటింగ్ స్టాండర్డ్ 2 చెప్పేది ఇదే. ఆదాయపు పన్ను లెక్కకు వాడే ఐసీడీఎస్ 2 చెప్పేదీ ఇదే. చేతికి దక్కే ధర అంటే మామూలుగా వ్యాపారం చేస్తూ అమ్మితే వచ్చే ధరలోంచి, అమ్మడానికయ్యే ఖర్చు తీసేస్తే మిగిలేది. ట్యాగు మీద అంటించిన ధర కాదు. గుత్తగా ఎత్తుకుపోయేవాడు విసిరే ధరా కాదు.

ఆ పెద్దమనిషి లాటునే లెక్క వేద్దాం. జీఎస్టీ పక్కన పెడితే చీర 1,800, సూరత్ నుంచి లారీ బాడుగ చీరకు 40, మొత్తం 1,840. ఉన్నవి 200. ఇప్పుడు బేరమాడి అమ్మితే వచ్చేది 1,400. మళ్లీ పాలిష్ చేయించి కొత్త కవరు వేయడానికి 60, అమ్మినవాడి కమీషన్ 40. దక్కేది 1,300. అంటే చీరకు 540 చొప్పున 200 చీరల మీద 1,08,000 ఈ మార్చి 31 నాటికే పోయినట్టు. దాన్ని రాయకపోతే క్లోజింగ్ స్టాకు, అంటే ఏడాది చివర మిగిలిన సరుకు విలువ, అంత ఎక్కువగా నిలబడి, లాభం కూడా అంతే ఎక్కువగా కనిపిస్తుంది. ఈయనది పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్, పన్ను 30 శాతం, దానిమీద 4 శాతం సెస్సు. అంటే రాని లాభానికి కట్టే పన్ను 33,696.

"వచ్చే ఏడాది అమ్మినప్పుడు ఎట్లాగూ ఆ నష్టం వస్తుంది కదా?" అన్నాడు. నిజమే. రెండేళ్లు కలిపి చూస్తే నష్టం ఒకటే, మారేది ఏ ఏడాదిలో పడుతుందన్నదే. కానీ ఈ ఏడాది పన్ను ఈ ఏడాదే కట్టాలి. ఇంకో సంగతి, ఈ ఏడాది లాభాన్ని పార్ట్‌నర్లు ఈ ఏడాదే ఇంటికి తీసుకుపోతారు. అసలు దెబ్బ అక్కడే.

అది నేను కళ్లారా చూసింది. అప్పటికి నేనింకా ఒక అంగట్లో గుమాస్తాను. ముగ్గురన్నదమ్ముల వ్యాపారం. పెద్దాయన తప్పుకుంటానంటే సరుకు లెక్క తీశారు. అందులో పాత సరుకే కొన్న ధరన 9 లక్షలు. "ఉన్నదున్నట్టు రాయి అబ్బాయ్" అన్నారు, నేను కొన్న ధరకే రాశా. పెద్దాయన ఆ సరుకులో తన మూడోవంతు కింద 3 లక్షలు రొక్కంగా తీసుకుని వెళ్లాడు. మిగతా ఇద్దరూ రెండేళ్లు తంటాలు పడి అదంతా వదిలించుకుంటే వచ్చింది నాలుగున్నర లక్షలు. అంటే ఆయనకు లక్షన్నర ఎక్కువ ముట్టింది. ఆయన మోసం చేయలేదు. తమ్ముళ్లూ ఆ మాట అనలేదు, కానీ పండక్కి రాకపోకలు తగ్గిపోయినాయి. ఆ పుస్తకంలో ఉన్నది నా దస్తూరీనే, ఇప్పటికీ గుర్తొస్తే మనసు బాగుండదు.

సరే, మన పెద్దమనిషి అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "ధర్మవరం పట్టు ఉంది కదా సార్, దాని రేటు పెరిగింది. ఇది పోయినా అది పూడ్చేస్తుంది" అన్నాడు. ఈ మాట చదువుకున్నవాళ్లు కూడా అంటారు. పట్టు చీరలు 50, ఒక్కోటి 9,000కి కొన్నాడు, ఇప్పుడు ఖర్చులు పోను 11,200 దక్కుతుంది. మొత్తంగా కలిపితే కొన్నది 8,18,000, దక్కేది 8,20,000. చూడటానికి నష్టమే లేదు! కానీ లెక్క అట్లా కలిపి చేయకూడదు, దేనికదే చూడాలి. ఆర్ట్ సిల్క్ 2,60,000కి దిగుతుంది. పట్టు కొన్న ధర 4,50,000 దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే అమ్మని సరుకు మీద లాభం రాసుకోకూడదు. స్టాకు 7,10,000. ఒకే రకానికి చెంది, ఒకే చోట అమ్ముడుపోతూ, విడివిడిగా లెక్కించడం వీలుకాని వాటినే కలిపి చూడొచ్చు. పట్టుకూ ఆర్ట్ సిల్క్‌కూ ఆ వెసులుబాటు లేదు.

అపోహ: విలువ తగ్గిస్తే ఇన్‌కమ్ టాక్స్ నోటీసు వస్తుంది.

ఈ భయంతో నిద్ర పట్టనివాళ్లను చూశా, వాళ్లను తప్పుపట్టను. కానీ అడిగేది తగ్గించినందుకు కాదు, ఏ ఆధారంతో తగ్గించారని. "పాత సరుకంతా 20 శాతం కొట్టేయండి సార్" అని చెప్పి పంపిస్తారు కొందరు. అదే ప్రమాదం. లాటు వారీగా కొన్న బిల్లు, మిగిలిన చీరలు ఎన్ని, చివరగా ఎంతకు అమ్మారు, ఏయే ఖర్చులు తీసేశారు, ఇంతే రాసిపెట్టండి. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఏప్రిల్, మే బిల్లులు. లెక్కలు మూసేలోపు ఆ చీరలు 1,400కే పోయుంటే, మార్చి 31 నాటికే వాటి సత్తా అంతేనని ఆ బిల్లులే చెబుతాయి. అయితే మేలో గోడౌన్‌లో నీళ్లొచ్చి చీరలు తడిస్తే ఆ నష్టం మార్చి లెక్కలోకి రాదు, అది తర్వాత జరిగింది. ఒకసారి దింపిన ధర శాశ్వతం కాదనీ గుర్తుంచుకోండి. వచ్చే మార్చికి అదే డిజైన్‌కు మళ్లీ గిరాకీ వస్తే మళ్లీ కొత్తగా చూస్తాం, ఎంత పెరిగినా 1,840 దాటదు.

జీఎస్టీ గురించి పుకార్లకు కొదవ లేదు. విలువ తగ్గిస్తే ఇన్‌పుట్ క్రెడిట్, అంటే సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి మనం తీసుకున్న మినహాయింపు, వెనక్కి కట్టాలని ఎవరో వాట్సాప్‌లో తిప్పుతున్నారు. చట్టంలో 17(5)(హెచ్) చెప్పేది పోయిన, దొంగలెత్తుకుపోయిన, పాడైపోయిన, పూర్తిగా కొట్టేసిన, ఊరికే ఇచ్చేసిన సరుకు గురించి. చీర అంగట్లోనే ఉంది, రేపు జీఎస్టీ వేసే అమ్ముతారు, క్రెడిట్ జోలికి పోనక్కర్లేదు. ఎలుకలు కొరికి పారేసినవాటికి మాత్రం కట్టాల్సిందే.

బ్యాంకు సంగతి చివర్లో అడిగాడు, గొంతు తగ్గించి. అప్పు కోసం బ్యాంకుకిచ్చే స్టాకు స్టేట్‌మెంట్‌లో 8,18,000 చూపి, ఆడిట్ అయిన బ్యాలెన్స్ షీట్‌లో 7,10,000 ఉంటే ముందు ప్రశ్న వచ్చేది బ్యాంకు నుంచే అన్నా. సరుకు విలువలో 25 శాతం మార్జిన్ కింద బ్యాంకు మినహాయిస్తే, డ్రాయింగ్ పవర్, అంటే ఆ సరుకు మీద వాడుకోగలిగే అప్పు, తగ్గేది 81,000. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కుర్రాణ్ణి పిలిచి నిచ్చెన వేయించి, పై అరలు మొత్తం దింపమన్నాడు. రెండో అరలో 2019 నాటి లాటు ఒకటి బయటపడింది. అది ఉన్నట్టు ఆయనకే గుర్తులేదు.